ప్యానెల్లో ముగ్గురు, ముగ్గురికీ మూడు జాబులు

ఇంటర్వ్యూ అయ్యాక అడిగినవాళ్లకి కృతజ్ఞత చెబుతూ రాయమని ఈమధ్య అందరూ సలహా ఇస్తున్నారు. సలహా మంచిదే. చిక్కల్లా ప్యానెల్లో ఒక్కరు కాక ముగ్గురో నలుగురో కూర్చున్నప్పుడు వస్తుంది. ఒక మెయిల్ రాసి, పైన పేరు మార్చి, ముగ్గురికీ పంపేస్తారు. ఆ ముగ్గురూ ఒకే ఆఫీసులో కూర్చునేవాళ్లు. ఒకరు దాన్ని హెచ్‌ఆర్‌కి ఫార్వర్డ్ చేస్తారు. రెండోవారు మధ్యాహ్నం భోజనాల దగ్గర "ఆ కుర్రాడు మెయిల్ పెట్టాడు" అంటారు. "నాక్కూడా పెట్టాడు" అని మూడోవారు ఫోన్ తీసి చూపిస్తారు. అక్షరం పొల్లు పోకుండా అదే. అప్పటిదాకా మర్యాదగా కనబడినది ఆ క్షణం నుంచి తంతుగా కనబడుతుంది. అసలు రాయకపోయినా ఇంత నష్టం లేదు.

ఈ అధ్యాయంలో ఆ ఒక్క పనే చూద్దాం. ముగ్గురికి మూడు వేర్వేరు సందేశాలు ఎలా పుడతాయి, వాటికి కావలసిన సరుకు ఎక్కడ దొరుకుతుంది, ఏది కలిసి ఉండాలి, ఏది విడిగా ఉండాలి.

దానికన్నా ముందు ఒక హద్దు గీయాలి. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం చుట్టుపక్కల చదువుకున్న పిల్లల్లో చాలామంది సర్కారు ఉద్యోగం కోసమే కష్టపడుతున్నారు. వాళ్లకి ఈ అధ్యాయంలోని పద్ధతి పనికిరాదు, పైగా ప్రమాదం. ఏపీపీఎస్సీ అయినా, యూపీఎస్సీ అయినా, బ్యాంకు నియామకమైనా బోర్డు సభ్యుల్ని అభ్యర్థి విడిగా సంప్రదించడం పైరవీ కింద లెక్కలోకి రావచ్చు. ఏ రూపంలోనైనా పైరవీ చేస్తే అనర్హత అని నోటిఫికేషన్లలో రాసే ఉంటుంది. మీ ఉద్దేశం కృతజ్ఞతే కావచ్చు, మీరు రాసినది చదివేవారికి ఉద్దేశం కనబడదు. అక్కడ గదిలోంచి లేచేటప్పుడు అందరి వైపూ చూసి నమస్కారం పెట్టి రావడమే కృతజ్ఞత. ఇంటికొచ్చాక ఎవరి పేరూ వెతకొద్దు, ఎవరికీ రాయొద్దు. విశ్వవిద్యాలయాల్లో సెలెక్షన్ కమిటీలకీ, జిల్లా స్థాయి కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ నియామకాలకీ ఇదే జాగ్రత్త పాటించండి.

కాబట్టి మనం మాట్లాడుకునేది ప్రైవేటు కంపెనీలు, ఆసుపత్రులు, ప్రైవేటు కాలేజీలు, స్వచ్ఛంద సంస్థల గురించి. మన జిల్లాలో సైన్సు చదివినవాళ్లకి దగ్గరలో కనబడే పెద్ద అవకాశం రణస్థలం మండలంలోని పైడిభీమవరం పారిశ్రామికవాడ. అక్కడి ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్, ప్రొడక్షన్ విభాగాలకి కెమిస్ట్రీ, ఫార్మసీ పిల్లల్ని తీసుకుంటారు. అందుకని ఉదాహరణ కూడా అక్కడిదే కట్టుకుందాం. పాతపట్నం కుర్రాడు, ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేశాడు, క్వాలిటీ కంట్రోల్ లేబొరేటరీలో అనలిస్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాడు. ప్యానెల్లో ముగ్గురు: క్యూసీ మేనేజరు, ఆవిడ. ప్రొడక్షన్ మేనేజరు. హెచ్‌ఆర్ ఆఫీసరు. మనుషులు కల్పితమే గానీ వాళ్లు అడిగినవన్నీ ఇలాంటి గదుల్లో రోజూ వినబడే ప్రశ్నలే.

క్యూసీ మేడమ్ అడిగింది ఇది: "అస్సే లిమిట్ 98.0 నుంచి 102.0 శాతం. నీకు 97.2 వచ్చింది. ఏం చేస్తావు?" కుర్రాడు తడుముకోకుండా "మళ్లీ ఇంజెక్ట్ చేసి చూస్తాను మేడమ్" అన్నాడు. ఆవిడ "చూసి?" అని ఆగింది. వీడికి తప్పు ఎక్కడో ఉందని అర్థమైంది గానీ సరైన మాట అందలేదు. "సీనియర్‌ని అడుగుతాను" అని ముగించాడు.

ప్రొడక్షన్ సార్ అడిగింది వేరు. "పాతపట్నమా? పర్లాకిమిడి పక్కనే కదా, ఒరియా వచ్చా?" అన్నాడు. వచ్చని చెబితే, ఒడిశా నుంచి వచ్చిన పనివాళ్లు షిఫ్టుల్లో ఉంటారని, భాష తెలిసినవాడు ఉంటే పని తేలికని చెప్పాడు. ఆపైన అసలు ప్రశ్న: "రాత్రి రెండింటికి రియాక్టర్ నుంచి శాంపిల్ పంపాం. రియాక్షన్ పూర్తయిందని నువ్వు చెబితేగానీ తర్వాతి స్టెప్‌కి వెళ్లలేం. మావాడు వచ్చి తొందరపెడతాడు. ఏమంటావు?" కుర్రాడు ఏదో చెప్పాడు. సార్ తలూపి, శాంపిల్ ల్యాబ్‌కి చేరాక ఏమైందో తెలియక కింద అందరూ చేతులు కట్టుకుని నిలబడటమే తమకి అసలు కష్టమని వివరించాడు.

హెచ్‌ఆర్ ఆఫీసరు షిఫ్టులకి సిద్ధమేనా, పాతపట్నం నుంచి రోజూ తిరగలేవు కదా ఎక్కడ ఉంటావు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చిందా, ఎప్పుడు చేరగలవు అని అడిగాడు. అంతే.

ఇప్పుడు చాలామంది చేసే పని చూడండి. ఇంటికొచ్చి, ముగ్గురికీ ఒకటే రాస్తే బాగోదని తెలుసు గనక మాటలు మారుస్తారు. ఒకరికి: "ఈరోజు నాకు సమయం కేటాయించినందుకు ధన్యవాదాలు. మీతో మాట్లాడటం ఆనందంగా ఉంది. మీ సంస్థలో పనిచేసే అవకాశం కోసం ఎదురుచూస్తున్నాను." ఇంకొకరికి: "ఇవాళ మీ విలువైన సమయాన్ని ఇచ్చినందుకు కృతజ్ఞతలు. మీతో జరిగిన సంభాషణ సంతోషాన్నిచ్చింది. మీ కంపెనీలో చేరే అవకాశానికై నిరీక్షిస్తున్నాను." మాటలన్నీ మారాయి, విషయం అంగుళం కూడా కదల్లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చదివినవారికి ఒకే మెయిల్ రెండుసార్లు వచ్చినట్టే ఉంటుంది, కాకపోతే దాచాలని ప్రయత్నించిన సంగతి కూడా తెలుస్తుంది. అది మరీ ఇబ్బంది.

ఒక పరీక్ష ఉంది. సందేశం పైన పేరు చేత్తో మూసేయండి. మిగిలినది ప్యానెల్లో ఇంకొకరికి పంపినా సరిపోతుందా? సరిపోతే అది ఎవరికీ రాసినది కాదు. పై రెండింటినీ హెచ్‌ఆర్‌కి పంపొచ్చు, క్యూసీకి పంపొచ్చు, విశాఖలో వేరే కంపెనీకైనా పంపొచ్చు. పేరు మూసినా ఇది ఫలానావారికే అని తెలిసేలా ఒక్క వాక్యమైనా ఉండాలి. ఆ వాక్యం నిఘంటువులో దొరకదు, ఆ మనిషి అడిగిన ప్రశ్నలో దొరుకుతుంది.

అందుకే అసలు పని మెయిల్ రాసేటప్పుడు మొదలవదు, కంపెనీ గేటు దాటగానే మొదలవుతుంది. పైడిభీమవరం నుంచి శ్రీకాకుళం వచ్చి, అక్కడ నరసన్నపేట మీదుగా పాతపట్నం బస్సు పట్టుకునే దారిలో కావలసినంత సమయం ఉంది. ఆ దారిలో స్నేహితులకి ఫోన్ చేసి ఎలా జరిగిందో చెప్పడం మొదలుపెడితే, మూడోసారి చెప్పేసరికి కథ నున్నగా అయిపోతుంది. అడిగినవాళ్ల మాటలు పోయి మీ మాటలే మిగులుతాయి. ఫోన్ కన్నా ముందు చిన్న నోటుబుక్కు తీయండి. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. ప్రతి పేజీలో మూడు సంగతులు: వాళ్లు ఏం అడిగారు, వీలైనంతవరకు వాళ్ల మాటల్లోనే. నేనేం చెప్పాను, ఎక్కడ ఆగిపోయాను. వాళ్లు తమంతట తాము నాకేం చెప్పారు.

మూడోది చాలామంది రాసుకోరు. ఇంటర్వ్యూ అంటే వాళ్లు అడగడం, మనం చెప్పడం అనే అనుకుంటాం గనక వాళ్లు చెప్పినవి చెవిన పడి జారిపోతాయి. కృతజ్ఞతకి నిజమైన కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది. ప్రొడక్షన్ సార్ తన విభాగం కష్టమేమిటో అనుభవం లేని కుర్రాడికి కూర్చోబెట్టి చెప్పాడు. అది ఆయన చెప్పాల్సిన అవసరం లేదు. సమయం ఇచ్చినందుకు అనే ఖాళీ మాటకన్నా దానికి ధన్యవాదం చెప్పడం ఎంతో నిండుగా ఉంటుంది.

పేర్ల సంగతి కూడా గదిలోనే తేల్చుకోవాలి. చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు, లేదా బయటికొచ్చాక హెచ్‌ఆర్ దగ్గర, "ఈరోజు నాతో మాట్లాడినవారి పేర్లు, హోదాలు చెబుతారా సార్, మెయిల్ రాసుకోవాలి" అని నేరుగా అడగండి. ఇంగ్లీషు స్పెల్లింగు రాయించుకోండి. మన పేర్లలో ఒకే పేరుకి మూడు స్పెల్లింగులు ఉంటాయి, తప్పు రాస్తే మొదటి లైనులోనే తెలిసిపోతుంది. మెయిల్ ఐడీలు ఇవ్వడం కుదరదంటే బలవంతం చేయకండి, దానికి దారి వేరే ఉంది, తర్వాత చెబుతాను. ఆ కంపెనీలో పనిచేసే మన ఊరివాడి ద్వారా మేనేజరు సొంత ఫోన్ నంబరు సంపాదించి వాట్సాప్‌లో రాయడం మాత్రం చేయొద్దు. నంబరు ఎక్కడిదనే ప్రశ్న వస్తుంది. నంబరిచ్చిన మనవాడికీ మాట వస్తుంది.

ఇక రాయడం. ఇలాంటి కంపెనీలకి మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్తుంది. అయినా ముందు తెలుగులో చిత్తుప్రతి రాయమంటాను. ఇంగ్లీషులో మొదలుపెడితే చెయ్యి దానంతటది అరువు వాక్యాల వైపు పోతుంది, ముగ్గురికీ ఒకటే వాక్యం వచ్చి కూర్చుంటుంది. తెలుగులో ఆ మనిషితో ఏం చెప్పాలో తేలాక, ఆ విషయాన్ని తేలికైన ఇంగ్లీషులో పెట్టుకోవచ్చు. వ్యాకరణం ఎవరిచేతనైనా చూపించుకోవచ్చు, విషయం మాత్రం మీదే కావాలి.

అన్నిటికన్నా కష్టమైనది ముందు రాయండి. మన కుర్రాడికి అది క్యూసీ మేడమ్‌కి రాయాల్సినది, ఎందుకంటే అక్కడ జవాబు సగంలో ఆగింది. ఆవిడ ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో తెలిస్తే ఏం రాయాలో తెలుస్తుంది. లిమిట్ దాటిన ఫలితం, అంటే ఓఓఎస్, వచ్చినప్పుడు, సరైన అంకె వచ్చేదాకా టెస్టు మళ్లీ మళ్లీ చేసి, చివరికి పాసైనదాన్నే రికార్డులో పెట్టడం ఈ రంగంలో పెద్ద తప్పు. 1993లో అమెరికాలో బార్ లేబొరేటరీస్ కేసులో కోర్టు ఇదే విషయం మీద గట్టిగా తీర్పు చెప్పింది. తర్వాత 2006లో అక్కడి ఎఫ్‌డీఏ, ఇలాంటి ఫలితాల్ని ఎలా విచారించాలో మార్గదర్శకం విడుదల చేసింది. మన దగ్గర తయారైన మందులు అక్కడికి ఎగుమతి అవుతాయి గనక ఆ నియమాలు ఇక్కడి ల్యాబుల్లోనూ నడుస్తాయి. "మళ్లీ ఇంజెక్ట్ చేస్తాను" అనే జవాబు విన్నప్పుడు ఆవిడకి వినబడింది అజ్ఞానం ఒక్కటే కాదు, ప్రమాదం కూడా. కాబట్టి ఆవిడకి వెళ్లే సందేశంలో ఆ జవాబు పూర్తికావాలి. ఇలా రాయొచ్చు:

"మేడమ్, 97.2 వస్తే ఏం చేస్తావని మీరు అడిగిన ప్రశ్న గురించి దారంతా ఆలోచించాను. మళ్లీ ఇంజెక్ట్ చేస్తానని తొందరపడి చెప్పాను. ముందు సూపర్‌వైజర్‌కి తెలియజేసి, తయారుచేసిన సొల్యూషన్లు పారబోయకుండా ఉంచి, తూకం, డైల్యూషన్, సిస్టమ్ సూటబిలిటీ, ఇంటిగ్రేషన్ ఒక్కొక్కటీ సరిచూడాలని, కారణం తేలినా తేలకపోయినా మొదటి ఫలితం రికార్డులో ఉండాలని చదివి తెలుసుకున్నాను. నా జవాబు దగ్గర ఆగి, 'చూసి?' అని మీరు అడిగినందుకు కృతజ్ఞుణ్ణి."

నాలుగు వాక్యాలు. ఇందులో పొగడ్త లేదు, ప్రాధేయపడటం లేదు. ఇంటర్వ్యూలో తప్పిన చోటు ఒప్పుకుని, తర్వాత తెలుసుకున్నది చెప్పడం ఉంది. ఇంతకు మించి పెంచకండి. ఇక్కడ పిల్లలు చేసే పొరపాటు, జవాబు దొరికిన ఉత్సాహంలో ఓఓఎస్ విచారణ మొత్తం పేజీన్నర రాయడం. ఆవిడకి తెలిసిన విషయమే ఆవిడకి పాఠం చెప్పినట్టుంటుంది. ఇంకో హెచ్చరిక: చదవకుండా చదివానని రాయొద్దు. ఆవిడ రెండో రౌండులో అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు.

ప్రొడక్షన్ సార్‌కి రాసేదాంట్లో ఒక గొయ్యి ఉంది. ఆయన్ని సంతోషపెట్టాలని "అర్ధరాత్రయినా సరే, మీ బ్యాచ్ ఆగకుండా వెంటనే రిజల్ట్ ఇచ్చేస్తాను" అని రాయబుద్ధవుతుంది. మేడమ్‌కి రాసిన దాని పక్కన పెట్టి చూడండి. అక్కడ ఒక్కొక్కటీ సరిచూస్తానన్నవాడు ఇక్కడ వెంటనే ఇచ్చేస్తానంటున్నాడు. ముగ్గురికీ వేర్వేరుగా రాయమంటే ముగ్గురికీ వేర్వేరు మనుషుల్లా కనబడమని కాదు. వాళ్లు మాట్లాడుకుంటారు. ఒకే మెయిల్ ముగ్గురికి పంపితే బద్ధకమనుకుంటారు, పొంతన లేని మెయిళ్లు పంపితే ఎవరికి కావలసింది వారికి చెప్పేవాడనుకుంటారు. ల్యాబ్ ఉద్యోగానికి రెండోది చాలా చెడ్డ పేరు. అందుకని ఆయన చెప్పిన మాటనే పట్టుకోవాలి. ఆయన బాధ రిజల్ట్ ఆలస్యం కావడం ఒక్కటే కాదు, కబురు లేకపోవడం.

"సార్, శాంపిల్ పంపాక రియాక్టర్ దగ్గర మీవాళ్లు ఎలా ఎదురుచూస్తారో మీరు చెప్పేదాకా నాకు తెలియదు. కాలేజీ ల్యాబులో శాంపిల్ అంటే సీసా మాత్రమే. టెస్టుకి పట్టే సమయం తగ్గించలేకపోయినా, శాంపిల్ అందిందని, ఎంతసేపు పడుతుందని, మధ్యలో ఏదైనా తేడా వస్తే ఆ సంగతి వెంటనే షిఫ్ట్ ఇన్‌ఛార్జికి చెప్పడం నా పనిలో భాగమని అర్థమైంది. ఒరియా మాట్లాడటం మా ఊళ్లో అందరికీ ఉన్నదే, అది ఇక్కడ పనికొస్తుందని మీరు చెప్పినందుకు సంతోషం. ధన్యవాదాలు."

దీని మీద పేరు మూసి చూడండి. మేడమ్‌కి పంపలేరు, హెచ్‌ఆర్‌కి పంపలేరు. మేడమ్ చదివినా మాత్రం ఆక్షేపించడానికి ఒక్క మాట లేదు. ఒరియా ప్రస్తావన చివర్లో, ఒక్క వాక్యంలో ఉంచడం కూడా కావాలని చేసిందే. మొదట పెడితే ఉద్యోగం భాష వల్ల అడుగుతున్నట్టు ఉంటుంది. ఆయన ముచ్చటగా అడిగిన విషయాన్ని ముచ్చటగానే తిరిగి చెప్పాలి.

హెచ్‌ఆర్‌కి రాసేది అన్నిటికన్నా చిన్నది. ఆయనకి కావలసింది సమాచారం. "సార్, ఈరోజు ఇంటర్వ్యూ ఏర్పాట్లు చూసినందుకు ధన్యవాదాలు. మీరడిగిన ప్రొవిజనల్ సర్టిఫికెట్ స్కాన్ కాపీ దీనికి జతచేశాను. ఎంపికైతే రణస్థలంలో గది తీసుకుని ఉంటాను, మూడు షిఫ్టులకీ ఇబ్బంది లేదు. చెప్పిన వారం రోజుల్లో చేరగలను." అక్కడితో ఆపాలి. ఈయనకి సబ్జెక్టు గురించి, నేర్చుకున్నదాని గురించి రాయాల్సిన పని లేదు. అడిగిన కాగితం మళ్లీ గుర్తుచేయించుకోకుండా పంపడమే ఆయనకి పెద్ద కృతజ్ఞత. గది నిజంగా దొరుకుతుందో లేదో ఆ పూటే కనుక్కుని రాయండి. తీరా చేరమన్నప్పుడు ఇంట్లో ఒప్పుకోలేదంటే మొదటి మెయిల్ మాటే మీకు అడ్డొస్తుంది.

మూడూ అయ్యాక పక్కపక్కన పెట్టుకుని చదవండి. మొదటి వాక్యాలు చూస్తే చాలు. ఒకటి ఆవిడ అడిగిన ప్రశ్నతో మొదలైంది, ఒకటి ఆయన చెప్పిన సంగతితో, ఒకటి నేరుగా ధన్యవాదంతో. మూడూ "ధన్యవాదాలు" అనే మాటతోనే మొదలైతే వెంటనే తెలిసిపోతుంది, రెండింటిలో ఆ మాటని చివరికి జరపండి. పొడవులు సమానంగా ఉండాలనే నియమం లేదు. సమానంగా ఉంటేనే అచ్చు పోసినట్టు అనిపిస్తుంది.

అలాగని ప్రతి మాటా మార్చాలని తంటాలు పడొద్దు. సబ్జెక్ట్ లైను మూడింటికీ ఒకటే ఉండొచ్చు: పోస్టు పేరు, ఇంటర్వ్యూ తేదీ, మీ పేరు. చివర మీ పేరు, ఊరు, ఫోన్ నంబరు ఒకటే. నమస్కారం ఒకటే. వీటిలో వైవిధ్యం కోసం ఒకరికి "గౌరవనీయులైన", ఇంకొకరికి "ప్రియమైన", మరొకరికి ఉట్టి పేరు రాస్తే మర్యాదలో తేడా చూపించినట్టవుతుంది. పెద్ద హోదా ఉన్నవారికి ఎక్కువ, హెచ్‌ఆర్ కుర్రాడికి తక్కువ అని మర్యాదని తూచి రాయడం అసలే వద్దు. ముగ్గురికీ ఒకే గౌరవం, విషయం మాత్రం ఎవరిది వారిదే.

పంపేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. మేడమ్‌కి రాసినది కాపీ చేసి, దాని మీదే సార్‌కి రాసేదాన్ని దిద్దుతారు. ఎక్కడో మధ్యలో "మేడమ్" అనే మాట మిగిలిపోతుంది. దీనికి విరుగుడు, మూడూ విడివిడిగా నోటుబుక్కులో రాసుకుని, ఖాళీ మెయిల్లో ఒక్కొక్కటీ కొత్తగా టైపు చేసి, చిరునామా గడి అన్నిటికన్నా చివర నింపడం. ముగ్గుర్నీ ఒకే మెయిల్లో చేర్చడం, ఒకరికి రాసి మిగతా ఇద్దరికీ కాపీ పెట్టడం వద్దు. అలా అయితే విడిగా రాసిన శ్రమంతా పోయినట్టే. ఎప్పుడు పంపాలంటే, అదే రోజు సాయంత్రం లేదా మర్నాడు పొద్దున్న. చాలా కంపెనీల్లో ప్యానెల్ తన అభిప్రాయాన్ని ఇంటర్వ్యూ అయిన వెంటనే ఫారంలో రాసేస్తుంది, కాబట్టి మెయిల్ మార్కుల్ని తిరగరాస్తుందని ఆశపడకండి. మీరూ ఇంకొకరూ సరిసమానంగా ఉన్నచోట, లేదా మన కుర్రాడిలా ఒక జవాబు సగంలో మిగిలినచోట, అది చూసేవాళ్లు ఉంటారు. రెండు రోజులు దాటితే ఆ ప్రశ్న అడిగినవారికే గుర్తుండదు.

మెయిల్ ఐడీలు దొరకలేదనుకోండి. హెచ్‌ఆర్‌కి ఒక్కరికే రాయండి. మొదట ఆయనకి సంబంధించింది రాసి, కింద "క్యూసీ మేనేజరు మేడమ్‌కి", "ప్రొడక్షన్ మేనేజరు సార్‌కి" అని రెండు విడి పేరాలు పెట్టి, వీలైతే వారికి అందజేయమని కోరండి. అందజేయడం ఆయనకి ఒక్క క్లిక్కు పని. అందజేయకపోయినా మీరు ఎవరి మాట ఎలా విన్నారో ఆయనకైనా తెలుస్తుంది.

నాలుగో మనిషి ఉన్నప్పుడు, ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగకుండా రాసుకుంటూ కూర్చున్నప్పుడు ఏం చేయాలి? ఇలాంటివారు చాలా ప్యానెళ్లలో ఉంటారు, చాలాసార్లు క్యూఏ విభాగం నుంచి వస్తారు. ఆయన పేజీ నోటుబుక్కులో ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని కల్పనతో నింపొద్దు. "మీ మాటలు నాకు స్ఫూర్తినిచ్చాయి" అని మాట్లాడని మనిషికి రాసినవాళ్లున్నారు. నిజంగా జరిగిందే రాయండి: "సార్, మీతో నేరుగా మాట్లాడే అవకాశం రాలేదు. నా జవాబులన్నీ ఓపికగా విన్నందుకు ధన్యవాదాలు. వాటిలో దేని గురించైనా అడగాలనుకుంటే చెప్పడానికి సిద్ధం." ఇది చిన్నదే, కానీ పేరు మూసినా ఆయనదే.

కటువుగా మాట్లాడినవారికి కూడా రాయాలా అని అడుగుతుంటారు. రాయాలి, ప్రశ్న గురించే రాయాలి, స్వరం గురించి కాదు. ఆయన అడిగినదాంట్లో పనికొచ్చేది ఏమీ కనబడకపోతే హెచ్‌ఆర్‌కి రాసేదాంట్లో "మిగతా ప్యానెల్ సభ్యులకి కూడా నా ధన్యవాదాలు తెలియజేయగలరు" అని ఒక వాక్యం చాలు. అవమానపరిచినవారికి కృతజ్ఞత చెప్పాల్సిన బాకీ మాత్రం ఎవరికీ లేదు.

జవాబు రాకపోతే రెండోసారి రాయకండి. ఫలితం ఎప్పుడు తెలుస్తుందన్నది వేరే విషయం, అది వాళ్లు చెప్పిన గడువు దాటాక హెచ్‌ఆర్‌ని ఒక్కరినే అడగాలి. జవాబు వస్తే మాత్రం జాగ్రత్తగా ఉండాలి. మేడమ్ ఒక్క లైను రాసిందనుకోండి: "బాగుంది. మరి ల్యాబులో ఏ కారణమూ దొరక్కపోతే?" ఇది మర్యాద జవాబు కాదు, ఇంటర్వ్యూలో ఇంకో ప్రశ్న. దీనికి సార్‌ని గానీ హెచ్‌ఆర్‌ని గానీ చేర్చకుండా ఆవిడ ఒక్కరికే, ఆ రోజే, రెండు మూడు వాక్యాల్లో చెప్పాలి: ల్యాబులో తప్పు దొరక్కపోతే విచారణ ల్యాబు దాటి ప్రొడక్షన్ రికార్డుల దాకా వెళ్తుంది, మళ్లీ టెస్టు చేస్తే అది ముందే రాసిపెట్టుకున్న పద్ధతి ప్రకారం, ఎన్నిసార్లో ముందే నిర్ణయించుకుని, వీలైతే మొదట చేసినవారు కాక ఇంకో అనలిస్టు చేస్తారు, బ్యాచ్ సంగతి క్వాలిటీ విభాగం తేలుస్తుంది. ఇంతకన్నా తెలియకపోతే "ఇంతవరకే చదివాను మేడమ్, మీ ఎస్‌ఓపీలో ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంది" అని రాయడంలో తప్పేమీ లేదు.